డిగ్రీ పట్టాలో పేరు తప్పు పడిందా..? రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టే ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి!

డిగ్రీ పాసయ్యారు.. పట్టా చేతికొచ్చింది.. తీరా చూస్తే పేరులో ఒక అక్షరం ఎక్కువో, తక్కువో! చదివితే అదే పేరు కదా అని చాలామంది పట్టాను బీరువాలో పెట్టేస్తారు. అసలు ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. విదేశీ యూనివర్సిటీకి అప్లై చేసినప్పుడు, వీసా ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, ప్రభుత్వ ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్ జరిగినప్పుడు పాస్‌పోర్టులోనో, పదో తరగతి మెమోలోనో ఉన్న పేరుతో పట్టాలోని పేరును పోల్చి చూస్తారు. తేడా కనిపిస్తే ‘ఈ పట్టా మీదేనని రుజువేంటి?’ అని అడుగుతారు. అప్పటికి గడువు నాలుగైదు రోజులే ఉంటుంది.

ఈ తప్పును సరిచేయమని యూనివర్సిటీ రిజిస్ట్రార్‌ను కోరవచ్చు. అయితే కొందరి ఫైలు త్వరగా కదులుతుంది, ఇంకొందరిది నెలల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ తేడా ఎక్కువగా ఒక ప్రశ్న దగ్గరే వస్తుంది. అక్షరం మొదటిసారి ఎక్కడ తప్పింది?

తప్పు ఎక్కడ పుట్టింది?

పట్టాపై పేరు ఒక్కసారిగా వచ్చి పడదు. పదో తరగతి మెమో చూసి కాలేజీ అడ్మిషన్ ఫారం నింపుతారు. ఆ ఫారం చూసి కాలేజీవాళ్లు వివరాలు యూనివర్సిటీకి పంపిస్తారు. ఆ వివరాలతోనే హాల్ టికెట్లు, నామినల్ రోల్స్, సెమిస్టర్ మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్, చివరికి పట్టా తయారవుతాయి. ఈ దారిలో ఎక్కడ ఒక అక్షరం జారినా అది అక్కడి నుంచి పట్టాదాకా నడిచొస్తుంది.

తెలుగు పేర్లకు ఈ ముప్పు కాస్త ఎక్కువే. ఒకే పేరును ఇంగ్లిష్‌లో రెండు మూడు రకాలుగా రాసే అలవాటు మనకుంది. లక్ష్మిని కొందరు ‘ఎక్స్’తో రాస్తారు, కొందరు ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు. శ్రీనివాస్‌లో ‘శ్రీ’కి కొందరు ఒక ‘ఐ’ వేస్తారు, కొందరు రెండు ‘ఇ’లు వేస్తారు. కంప్యూటర్ ముందు కూర్చున్న వ్యక్తి తనకు అలవాటైన స్పెల్లింగ్ కొట్టేస్తే, చూడ్డానికి తప్పులాగా కూడా అనిపించదు.

సాధారణంగా యూనివర్సిటీ పేరుకు ప్రామాణికంగా తీసుకునేది పదో తరగతి మెమోనే. ఆధార్, పాన్, పాస్‌పోర్టు అదనపు ఆధారాలుగా పనికొస్తాయి కానీ, అవి డిగ్రీ అడ్మిషన్ తర్వాత కూడా మారి ఉండొచ్చు. అందుకే కేవలం ఆధార్ కాపీ పెట్టి ‘ఇందులో ఇలా ఉంది, పట్టాలో కూడా ఇలాగే మార్చండి’ అని రాస్తే ఫైలు ముందుకు సాగడం కష్టం.

మూడు దారులు.. మీది ఏది?

మొదటిది: పదో తరగతి మెమోలో పేరు సరిగ్గా ఉంది, పట్టాలో తప్పింది. ఇది సవరణ. యూనివర్సిటీ పరిధిలో పరిష్కారమయ్యేది ఇదే.

రెండోది: పదో తరగతి మెమోలోనే తప్పు ఉంది, యూనివర్సిటీ దాన్నే అచ్చు వేసింది. అప్పుడు రిజిస్ట్రార్ చేయగలిగేది పెద్దగా ఉండదు. ముందు చదివిన స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు వెళ్లాలి. అక్కడ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్‌తో పోల్చి చూస్తారు. ఆ మెమో సరైన తర్వాత ఇంటర్ బోర్డు, ఆ తర్వాత యూనివర్సిటీ. కింది మెట్టు వదిలేసి పై మెట్టు ఎక్కాలని చూస్తే మళ్లీ కిందికే పంపిస్తారు.

మూడోది: అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉంది, కానీ పెళ్లి తర్వాత ఇంటిపేరు మారింది, లేదా న్యూమరాలజీ చెప్పారని అక్షరం మార్చుకున్నారు. ఇది స్పెల్లింగ్ తప్పు కాదు, పేరు మార్పు. ఈ రెండింటికీ ఉన్న తేడాను సుప్రీంకోర్టు 2021 జూన్‌లో జిగ్యా యాదవ్ కేసులో వివరించింది. అది సీబీఎస్ఈ సర్టిఫికెట్లకు సంబంధించిన తీర్పు. స్కూల్ రికార్డుకు సరిపోయేలా సరిచేయమనడం వేరు, కొత్త పేరు పెట్టుకుని రికార్డు మార్చమనడం వేరు అని అందులో స్పష్టంగా ఉంది. గెజిట్, పేపర్ ప్రకటన లాంటివి అవసరమయ్యేది సాధారణంగా పేరు మార్పుకే. ఒక్క అక్షరం తప్పు కోసం ముందే గెజిట్‌కు పరుగెత్తితే డబ్బులు ఖర్చవడమే కాదు, ‘మీరే పేరు మార్చుకున్నారు కదా’ అనే కొత్త అనుమానం కూడా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం

శ్రావణి అనే విద్యార్థిని బీకాం పూర్తి చేసింది అనుకుందాం. పదో తరగతి మెమోలో, ఇంటర్ మెమోలో, పాస్‌పోర్టులో ఆమె పేరు ‘ఎస్’ తర్వాత నేరుగా ‘ఆర్’తో ఉంది. పట్టాలో మాత్రం ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ చేరింది. అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. పట్టా సరిచేయించుకోవాలి.

ఆమె ముందుగా ఆరు సెమిస్టర్ల మెమోలు వరుసగా పరిచి చూసింది. మొదటి రెండు సెమిస్టర్లలో పేరు సరిగ్గానే ఉంది. మూడో సెమిస్టర్ మెమో నుంచి ‘హెచ్’ కనిపిస్తోంది. హాల్ టికెట్లు కూడా అదే చెబుతున్నాయి. అంటే అడ్మిషన్ ఫారంలో ఆమె రాసింది సరైనదే. రెండో సెమిస్టర్ తర్వాత, మూడో సెమిస్టర్ పరీక్షకు ముందు ఎక్కడో డేటా ఎక్కించేటప్పుడు తప్పు దొర్లింది. ఆమె చేతిలో ఉన్న అతి బలమైన ఆధారం ఇదే. ఎందుకంటే యూనివర్సిటీ స్వయంగా ఇచ్చిన మొదటి రెండు మెమోలే ఆమె తరఫున మాట్లాడుతున్నాయి.

ఇంకో విషయం కూడా ఇక్కడే బయటపడింది. తప్పు పట్టాలో ఒక్కచోటే లేదు. నాలుగు సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, పట్టా.. మొత్తం ఏడు కాగితాల్లో ఉంది. పట్టా ఒక్కటే మార్పించుకుంటే రేపు ట్రాన్‌స్క్రిప్ట్స్ తీసుకునేటప్పుడు మెమోల్లో ఒక పేరు, పట్టాలో ఒక పేరు ఉంటాయి. కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆమె దరఖాస్తులో ఏడింటి నంబర్లూ రాసింది.

దరఖాస్తులో ఏం రాయాలి?

చాలామంది రెండు పేజీల కష్టాలు రాస్తారు. సెక్షన్‌లో కూర్చున్న ఉద్యోగికి కావాల్సింది అది కాదు. ఇప్పుడు ఎలా ఉంది, ఎలా ఉండాలి, ఆధారం ఏంటి.. ఈ మూడూ మొదటి చూపులోనే కనిపించాలి. ఇంగ్లిష్‌లో రాసినా, తెలుగులో రాసినా విషయం ఇలా ఉంటే చాలు:

“గౌరవనీయులైన రిజిస్ట్రార్ గారికి.. నేను ఫలానా కాలేజీలో బీకాం చదివి 2024లో ఉత్తీర్ణురాలినయ్యాను. నా హాల్ టికెట్ నంబరు ఫలానా. నా పట్టాలో, కింద రాసిన మరో ఆరు సర్టిఫికెట్లలో నా పేరు ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ చేరి ముద్రితమైంది. పదో తరగతి మెమోలో, మీ యూనివర్సిటీ ఇచ్చిన మొదటి, రెండో సెమిస్టర్ మెమోల్లో ‘హెచ్’ లేకుండా సరిగ్గా ఉంది. ఆ ప్రకారం సరిచేసి కొత్త సర్టిఫికెట్లు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.”

తప్పు పేరును, సరైన పేరును పక్కపక్కనే పెద్ద అక్షరాల్లో రాయాలి. పట్టాపై పేరు తెలుగులోనూ ఉంటే దాన్ని కూడా చూసుకోవాలి. ఇంగ్లిష్‌లో సరిచేసి, తెలుగులో పాత తప్పునే మళ్లీ అచ్చు వేసే అవకాశం ఉంటుంది.

దరఖాస్తు రిజిస్ట్రార్ పేరు మీద రాసినా, అసలు పరిశీలన చాలా చోట్ల పరీక్షల విభాగంలోనే జరుగుతుంది. అఫిలియేటెడ్ కాలేజీలో చదివినవాళ్లు ప్రిన్సిపాల్ సంతకంతో పంపించడం మంచిది. అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు ఎలా ఉందో ప్రిన్సిపాల్ ధ్రువీకరించి ఇస్తే, ఆ వివరం కోసం యూనివర్సిటీ మళ్లీ కాలేజీకి లేఖ రాయాల్సిన పని తగ్గుతుంది. ఫీజు ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. చాలా చోట్ల ఒక్కో సర్టిఫికెట్‌కు విడిగా తీసుకుంటారు. ఎంత, ఎలా కట్టాలో పరీక్షల విభాగంలోనే అడిగి తెలుసుకోవాలి.

ఒరిజినల్ ఇచ్చేయమంటే?

కొత్త పట్టా ఇవ్వాలంటే పాతది వెనక్కి ఇవ్వాలి. ఒకే డిగ్రీకి రెండు పేర్లతో రెండు పట్టాలు బయట తిరగకూడదు కాబట్టి ఈ నిబంధన. ఇచ్చే ముందు రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసుకోవాలి. ఏ నంబరు పట్టా, ఏ తేదీన ఇచ్చారో చూపించే రసీదు తప్పనిసరిగా తీసుకోవాలి. ఇన్‌వార్డు నంబరు, తేదీ లేని దరఖాస్తు ఇచ్చినా ఇవ్వనట్టే. ‘టేబుల్ మీద పెట్టి వెళ్లండి’ అన్నారని వదిలేసి రావద్దు.

ఈలోగా అత్యవసరం పడితే, రెండు పేర్లూ తనవేనని నోటరీ అఫిడవిట్ చూపించొచ్చు. కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. పట్టాలోని అక్షరాన్ని మాత్రం అది మార్చదు. పెన్నుతో దిద్దడం అసలే వద్దు. అప్పుడది తప్పు పడిన పట్టా కాదు, దిద్దిన పట్టా అవుతుంది.

పట్టాలో ఎలా ఉంటే ఆధార్‌లో అలా మార్చేసుకుందాం అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం సాధారణంగా రెండుసార్లే ఉంటుంది. తప్పును సరిచేయడం మానేసి, ఆ తప్పుకు అనుగుణంగా మిగతావన్నీ మార్చుకుంటూ పోతే పదో తరగతి మెమోతో ఎప్పటికీ సరిపోదు.

జవాబు రాకపోతే?

ముందుగా ఇన్‌వార్డు నంబరుతో రాతపూర్వకంగా గుర్తుచేయాలి. అప్పటికీ కదలకపోతే ప్రభుత్వ యూనివర్సిటీలకు సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. రూ. 10 ఫీజుతో ‘నా దరఖాస్తు ప్రస్తుతం ఏ సెక్షన్‌లో ఉంది? దానిపై ఇప్పటివరకు ఏం రాశారు?’ అని అడగొచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఈ చట్టంతో పేరు సరికాదు కానీ, ఫైలు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చాలాసార్లు ఒక జిరాక్స్ కాపీ తగ్గిందనో, కాలేజీ నుంచి ధ్రువీకరణ రాలేదనో అక్కడే బయటపడుతుంది. ఆధారాలన్నీ ఉన్నా కారణం చెప్పకుండా తిరస్కరిస్తే హైకోర్టులో రిట్ వేసే దారి ఉంది.

కొత్త పట్టా చేతికి రాగానే కౌంటర్ దగ్గరే నిలబడి ప్రతి అక్షరం చదువుకోవాలి. పేరుతో పాటు తండ్రి పేరు, హాల్ టికెట్ నంబరు, ఉత్తీర్ణత సంవత్సరం కూడా చూడాలి. అక్కడితో కూడా పని పూర్తవదు. డిజీలాకర్‌లో కనిపించే పట్టా యూనివర్సిటీ అప్‌లోడ్ చేసిన డేటా నుంచి వస్తుంది. కాగితం మీద పేరు మారినంత మాత్రాన అందులో దానంతట అదే మారదు. ఆ డేటాను కూడా సరిచేసి మళ్లీ అప్‌లోడ్ చేయమని దరఖాస్తులోనే ఒక వాక్యం కలిపితే, ఇంకోసారి యూనివర్సిటీ మెట్లెక్కే పని తప్పుతుంది.