ఆడిటర్ వచ్చేనాటికి కడలై మిట్టాయి పనిశాలలో ఏమేం సిద్ధంగా ఉండాలి?

కోవిల్‌పట్టి కడలై మిట్టాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ మిఠాయి చేసే పనిశాలకు ఆహార భద్రత ఆడిటర్ వస్తే, ప్యాకెట్ మీది బ్యాచ్ నంబరు పట్టుకుని పల్లీల బస్తా దాకా వెనక్కి వెళ్ళగలరా అని చూస్తారు.

ఒక బ్యాచ్‌కు 50 కిలోల పల్లీలు, 30 కిలోల బెల్లం వాడారనుకుందాం. మిఠాయి 80 కిలోలకు మించి రాదు. అమ్మకం బిల్లుల్లో 95 కిలోలు కనిపిస్తే, రాయని సరుకు వాడారని తేలిపోతుంది. కాబట్టి కొనుగోలు బిల్లు, బూజు గింజలు ఏరిన లెక్క, ఆ రోజు వంట పుస్తకం, అమ్మకం బిల్లు వరుసగా ఒకే ఫైలులో పెట్టండి. లైసెన్సు, నీటి పరీక్ష నివేదిక, పనివాళ్ళ ఏటేటి వైద్య పత్రాలు, త్రాసు ముద్ర పత్రం ఇంకో ఫైలులో ఉంచండి.

పాకం కాచే రోజే తేదీ ఇవ్వండి. ఆగిన పొయ్యి చూస్తే పని తీరు తెలియదు. పాకం పట్టే మేస్త్రీ, గోదాము చూసేవారు, ఆహార భద్రత శిక్షణ పొందిన పర్యవేక్షకుడు, లెక్కలు రాసేవారు ఆ రోజు ఉండాలి. మేస్త్రీని అడిగిన ప్రశ్నకు యజమాని జవాబు చెప్పకూడదు.