గోగునార పలక ఎంత బరువుకి విరుగుతుంది?

శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగు అంటే పచ్చడికే కాదు, నారకి కూడా వేసే పంట. కోసిన కట్టల్ని నీళ్ళలో ఊరవేసి, మెత్తబడ్డాక నార ఒలిచి, కడిగి ఆరేస్తారు. అక్కడి నుంచి అది మిల్లుకి పోయి గోనెసంచి అవుతుంది. అదే నారని రెసిన్‌లో పెట్టి పలకగా పోసి, ఎంత బరువుకి విరుగుతుందో చూడటం ఇంజినీరింగ్ కాలేజీల మెటీరియల్స్ ల్యాబుల్లో బాగా అలవాటైన ప్రయోగం. ఖర్చు తక్కువ, పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అయితే చివర్లో వచ్చే అంకెని నమ్మొచ్చా లేదా అన్నది రెండు చిన్న విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి నారలో దాగిన నీరు, రెండోది పలక మందం.

పలకలో ఎవరి పని ఏమిటో ముందు చూద్దాం. గట్టిపడిన ఎపాక్సీ రెసిన్ బిగుతుగానే ఉంటుంది కానీ పెళుసు. నార లాగితే ఓర్చుకుంటుంది, తనంతట తాను నిలబడలేదు. రెసిన్ నారని పట్టుకుని నిలబెడుతుంది, తన మీద పడిన భారాన్ని నారకి అందిస్తుంది. ఆ అందించడమంతా రెండూ అంటుకున్న చోటే జరుగుతుంది. అంటుకోకపోతే నార ఉన్నా లేనట్టే. ఇంకా చెప్పాలంటే లేకపోవడమే నయం, ఎందుకంటే పట్టులేని పోగు చుట్టూ ఉన్న సందు నుంచే పగులు మొదలవుతుంది. నార వేశాక బలం పెరక్కపోగా, వట్టి రెసిన్ పలక కంటే తగ్గడం ల్యాబుల్లో మామూలుగా కనిపించేదే. అందుకే నార లేని పలక కూడా ఒకటి పోసి పక్కన పెట్టుకోవాలి. దేనితోనూ పోల్చకుండా ‘నార వల్ల బలం పెరిగింది’ అని రికార్డులో రాస్తే దానికి అర్థం లేదు.

ఇప్పుడు నీటి సంగతి. గోగు, జనపనార వంటివి గాలిలోని తేమని పీల్చుకుంటాయి. బాగా ఎండబెట్టిన 100 గ్రాముల నార, తేమ ఉన్న గదిలో పడేస్తే సుమారు 112 గ్రాములు తూగుతుంది. చేతికి మాత్రం పొడిగానే తగులుతుంది, అదే చిక్కు. ఆ నారని అలాగే వాడితే రెండు నష్టాలు. తూచిన 60 గ్రాముల్లో అసలు నార సుమారు 54 గ్రాములే ఉంటుంది, కాబట్టి లెక్క మొదట్లోనే తప్పుతుంది. పైగా ఆ నీరు రెసిన్‌ని పోగుకి సరిగా అంటనివ్వదు, రెసిన్ గట్టిపడేటప్పుడు వేడికి ఆవిరై బుడగలు మిగులుస్తుంది. నారని 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, గంటకోసారి తూచి, బరువు ఇక తగ్గడం లేదనిపించాకే బయటికి తీయాలి. తీసిన వెంటనే వాడాలి. రాత్రంతా బల్ల మీద వదిలేస్తే పడ్డ శ్రమంతా పోయినట్టే.

ఎండబెట్టే ముందు చాలామంది నారని 5 శాతం కాస్టిక్ సోడా నీళ్ళలో కొన్ని గంటలు నానబెడతారు. పోగు మీది మైనం, జిగురు పోయి ఉపరితలం గరుకుగా తయారవుతుంది, దాంతో రెసిన్‌కి పట్టు దొరుకుతుంది. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. సోడాని నీళ్ళలో కలపాలి తప్ప సోడా మీద నీళ్ళు పోయకూడదు. తర్వాత లిట్మస్ కాగితం రంగు మారనంత వరకు కడగాలి. ద్రావణం మరీ చిక్కగా ఉంటే పోగు బలమే పోతుంది.

ఒక పలక లెక్క వేద్దాం. 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం. ఘనపరిమాణం 160 ఘన సెంటీమీటర్లు. నార సాంద్రత 1.4 అనుకుంటే 60 గ్రాముల నార 43 ఘన సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది. మిగిలిన 117లో రెసిన్ నిండాలి. దాని సాంద్రత 1.2, అంటే 140 గ్రాములు. మన కాలేజీల్లో ఎక్కువగా దొరికే ఎల్‌వై 556 రెసిన్‌కి హెచ్‌వై 951 హార్డెనర్‌ని బరువులో పదికి ఒకటి చొప్పున కలుపుతారు. కప్పుకి అంటుకునేది, అంచుల్లోంచి కారేది కూడా ఉంటుంది కాబట్టి 150 గ్రాముల రెసిన్, 15 గ్రాముల హార్డెనర్ తీసుకోవడం మేలు. కలిపిన దాన్ని లోతైన కప్పులో ఉంచితే తన వేడికి తానే కాగి పొగలు కక్కుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పోసుకుంటే ఆ బాధ ఉండదు.

మైనం రాసిన అద్దం మీద ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద కొంచెం రెసిన్, ఒక పొర నార, మళ్ళీ రెసిన్, అలా పేర్చుకుంటూ రోలర్‌తో గాలి బయటికి నెట్టాలి. అంచుల్లో 4 మిల్లీమీటర్ల పట్టీలు పెట్టి, పైన ఇంకో అద్దం మూసి బరువు ఎత్తి, ఒక రోజు కదపకుండా వదిలేయాలి. పలక బయటికొచ్చాక బుడగలు ఎన్నున్నాయో తూకమే చెబుతుంది. మన లెక్క ప్రకారం సాంద్రత 200ని 160తో భాగిస్తే 1.25 రావాలి. కోసిన ముక్క 1.17 చూపిస్తే లోపల ఆరు శాతం పైగా గాలే ఉందన్నమాట. అలాంటి పలకని పరీక్షించి ఏ నార మంచిదో తేల్చడం కుదరదు.

ముక్కల్ని సన్నపళ్ళ రంపంతో, నీళ్ళు తగలకుండా కోయాలి. తెగిన పోగుల కొసలు నీటిని వెంటనే పీలుస్తాయి. అంచుల్ని ఎమరీ కాగితంతో నున్నగా చేయాలి. ఒకే పలక నుంచి కనీసం అయిదు ముక్కలు కావాలి. నార అంతా ఒకే దిశలో పరిచి ఉంటే నిలువుగా కోసిన ముక్కకీ, అడ్డంగా కోసిన ముక్కకీ మధ్య ఎంతో తేడా కనిపిస్తుంది.

వంపు పరీక్షలో ముక్కని రెండు ఆధారాల మీద పెట్టి నడిమధ్య నొక్కుతారు. ఆధారాల మధ్య దూరం మందానికి 16 రెట్లు, అంటే మనకి 64 మిల్లీమీటర్లు. అంతకన్నా దగ్గరగా పెడితే ముక్క వంగి విరిగే బదులు పొరల మధ్య జారి పాడవుతుంది. బలానికి సూత్రం σ = 3PL/2bd². ముక్క వెడల్పు 13 మిల్లీమీటర్లు, విరిగినప్పటి భారం 150 న్యూటన్లు అనుకోండి. మందం 4 అయితే బలం 69 మెగాపాస్కల్ వస్తుంది. అదే ముక్క ఆ చోట నిజానికి 3.8 మిల్లీమీటర్లే ఉంటే? 77 వస్తుంది. సూత్రంలో మందం వర్గంగా ఉంది కదా, అయిదు శాతం పొరపాటు పదకొండు శాతం అయి కూర్చుంటుంది. బిగుతు లెక్కలో మందం ఘనంగా ఉంటుంది, అక్కడ తేడా పదిహేడు శాతం. చేత్తో పోసిన పలక ఒక మూల పలచగా, ఇంకో మూల మందంగా ఉండటం సహజం. కాబట్టి అచ్చు కొలతని నమ్ముకోకుండా ప్రతి ముక్కకీ మధ్యలో స్క్రూగేజీతో కొలుచుకోవాలి. రెండు నారలని పోల్చి పది శాతం తేడా ఉందని చెప్పే రిపోర్టు కనిపిస్తే, మందం ఎలా కొలిచారని నేను ముందు అడుగుతాను.

యూటీఎం యంత్రం ఖాళీ లేకపోతే రెండు ఇనుప కడ్డీలు, మధ్యలో వేలాడే బకెట్టు, కింద ఒక డయల్ గేజీ చాలు. ఇసుక కిలో చొప్పున వేస్తూ వంపు రాసుకోవాలి. ముక్క బిగుతు 4 గిగాపాస్కల్ దగ్గర ఉంటే, కిలోకి సుమారు 0.2 మిల్లీమీటర్లు వంగుతుంది. 150 న్యూటన్లంటే పదిహేను కిలోల పైచిలుకు కాబట్టి బకెట్టు కింద కాళ్ళు పెట్టకూడదు.

విరిగిన ముక్కని పారేయకుండా భూతద్దం కింద చూడాలి. పగులు కింది వైపు, సాగిన ముఖం మీద మొదలైతే పరీక్ష సరిగా జరిగినట్టు. రోలర్ కింద నలిగి పోయి ఉంటే ఆ అంకెని లెక్కలోకి తీసుకోకూడదు. విరిగిన చోట పోగులు పొడుగ్గా, రెసిన్ అంటకుండా శుభ్రంగా బయటికి వచ్చి ఉంటే పట్టు లేదని అర్థం, అవి తెగకుండా జారిపోయాయి. పొట్టిగా తెగి, ఒంటికి రెసిన్ అతుక్కుని ఉంటే భారం నార దాకా చేరినట్టు.

చివరగా ఒక ముక్కని తూచి, ఒక రోజంతా నీళ్ళలో వేసి, తుడిచి మళ్ళీ తూచండి. బరువు పెరుగుతుంది, మందం కూడా కొంచెం ఉబ్బుతుంది. దాన్ని వంచితే పొడి ముక్క కంటే మెత్తగా లొంగుతుంది. జనపనార, అవిసెనార కాంపోజిట్లు కారు తలుపు లోపలి పలకల దాకా వచ్చినా, వాన తగిలే బయటి భాగాలకి వాటిని వాడాలంటే ఇంజినీర్లు వెనకాడటానికి పెద్ద కారణం ఇదే.