పదహారు గంటల రాత్రికి పదకొండు గంటల జీతం

ఎంబీబీఎస్ ముగించి జర్మనీలో రెసిడెంట్‌గా చేరే తెలుగు డాక్టర్లు ముందు అడిగేది మూలవేతనం ఎంతని. అక్కడి పేస్లిప్‌లో అసలు తికమక పెట్టేది ఆన్‌కాల్ డ్యూటీ వరుస.

ఈ డ్యూటీలో డాక్టరు ఆసుపత్రిలోనే ఉండాలి. పని లేకుంటే పడుకోవచ్చు, పిలిస్తే వెంటనే లేవాలి. నిద్రపోయిన గంటలూ పని గంటలేనని యూరప్ న్యాయస్థానం 2003లో కీల్ నగరపు డాక్టరు కేసులో తేల్చింది. అయితే అది విశ్రాంతికి, పని గంటల పరిమితికి సంబంధించిన మాట. జీతం మాత్రం తక్కువ రేటుకు ఇవ్వవచ్చని అదే న్యాయస్థానం 2007లో ఒక చెక్ డాక్టరు విషయంలో చెప్పింది. తగ్గింపు రేటుకు ఉన్న వెసులుబాటు ఇదే.

లెక్క చేసి చూద్దాం. నెలకు 5,200 యూరోలు, వారానికి 40 గంటలు అనుకుందాం. నెలకు సగటున 4.348 వారాలు కాబట్టి గంటకు దాదాపు 30 యూరోలు పడుతుంది. సాయంత్రం 4 నుంచి ఉదయం 8 దాకా 16 గంటల ఆన్‌కాల్. రేటు 70 శాతమైతే 11.2 గంటల కింద లెక్క, అంటే పన్నుకు ముందు 336 యూరోలు.

మెలిక ఇక్కడే ఉంది. రాత్రంతా ఉన్న డాక్టరు చట్ట ప్రకారం పొద్దున ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోవాలి. అది మంగళవారం రాత్రి డ్యూటీ అయితే బుధవారం చేయాల్సిన 8 గంటలు తప్పిపోతాయి. చాలాచోట్ల ఆ 8 గంటలను ఆన్‌కాల్ సంపాదనలోంచే సర్దేస్తారు. మిగిలేది 3.2 గంటలు, 96 యూరోలు! శుక్రవారం రాత్రి చేస్తే శనివారం ఎలాగూ సెలవే కనుక 336 పూర్తిగా చేతికొస్తాయి. వారాంతపు డ్యూటీల కోసం పోటీ ఉంటే ఆశ్చర్యమేముంది? అన్ని ఆసుపత్రులూ ఇలా సర్దవు. అందుకే చేరే ముందే మర్నాటి గంటలను ఏం చేస్తారో అడగాలి.

ఇక ఆ శాతం ఎలా వస్తుంది? విభాగంలో ఆన్‌కాల్ సమయంలో సగటున ఎంత భాగం నిజంగా పనిలో గడుస్తుందో చూసి, తక్కువ పని ఉన్నచోట తక్కువ శాతం, ఎక్కువ ఉన్నచోట ఎక్కువ శాతం ఖాయం చేస్తారు. ఒక్క రాత్రి కన్ను మూయనంత మాత్రాన ఆ రాత్రికి రేటు పెరగదు. అయితే ఒప్పందాల్లో ఒక హద్దు ఉంది: పని లేని సమయమే ఎక్కువని అనుభవం చెబితేనే ఆన్‌కాల్ పెట్టాలి. సగానికి మించి పని ఉంటే అది పూర్తి జీతమివ్వాల్సిన మామూలు షిఫ్టు.

దాన్ని తేల్చేది రాతపూర్వక లెక్కే. రాత్రి 1:10కి ఎమర్జెన్సీకి పిలిచారు, 2:45కి తిరిగొచ్చాం, 3:20కి మళ్లీ ఫోను... ఇలా విభాగంలో అందరూ కొన్ని నెలలు రాసి పెడితే, వైద్యుల సంఘం మార్బుర్గర్ బుండ్ గానీ ఆసుపత్రి ఉద్యోగుల మండలి గానీ రేటు మార్చమని అడగడానికి చేతిలో ఆధారం ఉంటుంది.