ఎక్కడ ఆగాలో ముందే రాసుకోండి

ఒక పట్టణ గ్రంథాలయాన్ని రాత్రి 9 దాకా తెరిచి ఉంచాలా వద్దా తేల్చాలనుకుందాం. సభ్యుల్లో సగానికి మించి కావాలంటే తెరుస్తారు. సర్వే చేసి నివేదిక ఇవ్వడానికి ఐదు రోజుల గడువు. ఎంతమందిని అడగాలి? పని మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఎంత ఎక్కువమందిని అడిగితే అంత మంచిదనిపిస్తుంది. గడువు దాటిపోయేది అక్కడే.

రిజిస్టరులోంచి లాటరీ పద్ధతిలో 100 మందిని ఎంచుకుని అడిగితే, వచ్చిన శాతం సాధారణంగా అసలు శాతానికి 10 అటూ ఇటూ లోపలే ఉంటుంది. ఆ తేడాను 5కి దించాలంటే 400 మంది కావాలి. రెండున్నరకు దించాలంటే 1,600 మంది. తేడా సగానికి తగ్గిన ప్రతిసారీ శ్రమ నాలుగింతలవుతుంది. పరిపూర్ణత కోసం పడే పాట్లలో చాలావరకు ఈ లెక్క తెలియక పడేవే.

సమయమూ సమాచారమూ పరిమితం కాబట్టి మనిషి అన్నిటికన్నా ఉత్తమమైనదాన్ని వెతుకుతూ కూర్చోడనీ, సరిపోతుందనుకున్న మట్టాన్ని అందుకున్నది దొరకగానే ఆగుతాడనీ హెర్బర్ట్ సైమన్ 1950లలోనే వివరించారు. ఆయనకు 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ మట్టం ఎక్కడుండాలో మన ఓపిక కాదు, తీసుకోబోయే నిర్ణయం చెప్పాలి.

మన సర్వేలో 100 మందిలో 68 మంది కావాలన్నారనుకోండి. అసలు సంఖ్య 59, 77 మధ్య ఎక్కడున్నా సగం దాటినట్టే. ఇంకో 300 మందిని అడిగితే అంకె కాస్త మెరుగుపడుతుందేమో గానీ నిర్ణయం మారే అవకాశం చాలా తక్కువ. అక్కడ ఆగడం బద్ధకం కాదు. అదే 53 మంది అని ఉంటే 43 నుంచి 63 దాకా ఏదైనా కావచ్చు, అప్పుడు 400కి వెళ్లాల్సిందే. ఈ షరతును మాత్రం మొదటి మనిషిని అడగకముందే కాగితం మీద పెట్టాలి. ఫలితాలు చూస్తూ, నచ్చిన జవాబు రాగానే ఆపేస్తే సర్వే మనల్నే మోసం చేస్తుంది.

మరో ప్రమాదం ఉంది. పగటిపూట మాత్రమే అడిగితే, సాయంత్రం ఎక్కువ అవసరమయ్యే ఉద్యోగులు దొరకరు. అప్పుడు 1,600 మందిని అడిగినా తప్పు తప్పుగానే ఉంటుంది. అందుకే రెండు రోజులు సర్వేకు ఇచ్చి, మూడో రోజు దొరకనివాళ్లకు రాత్రిపూట ఫోన్ చేయడానికి కేటాయిస్తాను. 400కి వెళ్లాల్సి వస్తే నాలుగో రోజు దానికే. లేకపోతే ఆ మధ్యాహ్నానికి చిత్తుప్రతి పూర్తి కావాలి. చివరి రోజు అంకెల సరిచూతకు, భాష దిద్దడానికి. ఒక గంట దిద్దాక ముగింపు వాక్యంలో గానీ అంకెల్లో గానీ ఏమీ మారలేదంటే నివేదిక పంపేయవచ్చు.

మందు మోతాదు, వంతెన బరువు లెక్కించేటప్పుడు ఈ మట్టం చాలా పైన ఉంటుంది. అక్కడ గడువు ముంచుకొచ్చిందని మట్టాన్ని దించకూడదు, గడువునే పెంచమని అడగాలి.