మానిటర్ మీద ‘No Signal’ ఎందుకు వస్తుంది? ఎలా సరిచేయాలి?

భోజనం చేసి వచ్చేసరికి కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లింది. మౌస్ కదిపితే సీపీయూలో ఫ్యాన్ తిరుగుతోంది. మానిటర్ మీద మాత్రం No Signal అని వచ్చి, కాసేపటికి అదీ పోతోంది. మానిటర్ పాడైనట్టేనా?

అలా అనుకోనక్కర్లేదు. ఆ అక్షరాలు కనిపించాయంటే తెరా, దాని వెనక వెలుగూ పనిచేస్తున్నట్టే. ఆ మాట చెబుతున్నది కంప్యూటర్ కాదు, మానిటరే. ‘నేను చూస్తున్న పోర్టులోకి బొమ్మ రావడం లేదు’ అని దాని అర్థం. కాబట్టి తేల్చాల్సినవి రెండే: కంప్యూటర్ బొమ్మ పంపుతోందా? మానిటర్ సరైన పోర్టు వైపే చూస్తోందా?

కంప్యూటర్ నిజంగా లేచిందని ఎలా తెలుస్తుంది?

కీబోర్డు మీద Caps Lock నొక్కండి. దాని లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిపోతే కంప్యూటర్ మేలుకునే ఉంది. ఎన్నిసార్లు నొక్కినా లైటులో మార్పు లేదంటే బహుశా స్లీప్ నుంచి లేవలేక బిగుసుకుపోయింది. అప్పుడు సీపీయూ పవర్ బటన్‌ను ఆగిపోయేదాకా పది సెకన్లపాటు నొక్కిపట్టి, మళ్లీ ఆన్ చేయడమే దారి. సేవ్ చేయని పని మాత్రం పోతుంది.

కంప్యూటర్ లేచింది. మరి బొమ్మ ఎందుకు రాదు?

ముందు ఇన్‌పుట్ చూడాలి. ఒకే మానిటర్‌కి పగలు ఆఫీసు ల్యాప్‌టాప్, సాయంత్రం ఇంటి డెస్క్‌టాప్ వాడుతున్నారనుకుందాం. ల్యాప్‌టాప్ HDMI 1లో, డెస్క్‌టాప్ డిస్‌ప్లేపోర్టులో ఉన్నాయి. సాయంత్రం ల్యాప్‌టాప్ మూసి డెస్క్‌టాప్‌ను లేపితే, మానిటర్ ఇంకా పాత పోర్టు వైపే చూస్తూ ఉండవచ్చు. చాలా మానిటర్లు No Signal పక్కనే HDMI 1 అనో, DP అనో పోర్టు పేరు కూడా చూపిస్తాయి. ఆ పేరు చదివితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

మానిటర్ కింద అంచునో వెనకో ఉన్న బటన్ నొక్కి, మెనూలో Input Source తెరిచి, కేబుల్ ఏ పోర్టులో ఉందో ఆ పేరే ఎంచుకోండి. అక్కడ Auto అని ఉంటే మానిటర్ ఒక్కో పోర్టునూ వరసగా వెతుకుతుంది. కంప్యూటర్ లేవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడితే, ఈలోగా మానిటర్ వెతకడం ముగించి నిద్రలోకి జారుకుంటుంది. ఒక్క కంప్యూటరే తగిలించి ఉంటే Auto కన్నా పోర్టు పేరు స్థిరంగా పెట్టుకోవడం మేలు.

ఇన్‌పుట్ సరిగానే ఉంది. కేబుల్ సంగతి?

రెండు చివర్లూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. డిస్‌ప్లేపోర్టు కేబుళ్లలో చాలావాటికి చిన్న కొక్కెం ఉంటుంది, దాన్ని నొక్కి లాగాలి. ఊడుస్తూనో తుడుస్తూనో ఎవరైనా తీగలు కదిపి ఉంటే ఇంకోటీ చూడాలి. సీపీయూ వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కన ఉన్నవి మదర్‌బోర్డువి, కింద అడ్డంగా విడిగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ కార్డుకే ఉండాలి. మదర్‌బోర్డు పోర్టులో పెడితే చాలావాటిలో బొమ్మ రాదు.

అన్నీ సరిగానే ఉన్నా, స్లీప్ తర్వాత మాత్రమే ఇలా అవుతోంది. ఎందుకు?

కేబుల్‌లో బొమ్మే కాదు, ‘నేనున్నాను’ అని మానిటర్ కంప్యూటర్‌కి ఇచ్చే సంకేతం కూడా నడుస్తుంది. కొన్ని మానిటర్లు గాఢ నిద్రలో ఆ సంకేతాన్నీ ఆపేస్తాయి. అప్పుడు కంప్యూటర్‌కి కేబుల్ పీకేసినట్టే ఉంటుంది. డిస్‌ప్లేపోర్టులో ఇది ఎక్కువ. లేచాక రెండూ మళ్లీ మొదటి నుంచి మాట కలుపుకోవాలి, అది కుదరకపోతే తెర నల్లగానే ఉంటుంది.

విండోస్‌లో Win + Ctrl + Shift + B కలిపి నొక్కండి. బీప్ వినిపించి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు. దీనితో బొమ్మ వస్తే డ్రైవర్‌ను అప్‌డేట్ చేసి చూడాలి. రాకపోతే మానిటర్ పవర్ వైరు తీసి, అర నిమిషం ఆగి పెట్టండి. అప్పుడు వచ్చిందంటే అనుమానం మానిటర్ నిద్ర మీదకే పోవాలి. మెనూలో Deep Sleep లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆఫ్ చేయండి. స్టాండ్‌బైలో కరెంటు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

ఇవేవీ పనిచేయకపోతే?

ఇప్పుడు డిస్‌ప్లేపోర్టు వాడుతుంటే, అదే కంప్యూటర్‌ను అదే మానిటర్‌కి HDMI కేబుల్‌తో కలిపి ఒకటి రెండు రోజులు వాడండి. స్లీప్ నుంచి చక్కగా లేస్తోందంటే లోపం డిస్‌ప్లేపోర్టు కేబుల్‌లోనో, ఆ పోర్టులోనో ఉంది. ముందు కొత్త కేబుల్ వేసి చూడండి, ఖర్చు తక్కువ. HDMIతోనూ అదే తంతు జరిగితే, కంప్యూటర్‌ను వేరే మానిటర్‌కి కలిపి చూడండి. అక్కడా రాకపోతే చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్. అక్కడ వస్తే అప్పుడు మీ మానిటర్‌ను రిపేరుకు తీసుకెళ్లండి.