రోబో చెయ్యి భుజానికి ఏ మోటారు?

హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి రోబో చెయ్యికి మోటార్లు కావాలని అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి మూడు తీగలతో, పక్కన చిన్న ప్లాస్టిక్ రెక్కతో ఉండే సర్వో. రెండోది నలుపలకల లోహపు దిమ్మలా ఉండే స్టెప్పర్. త్రీడీ ప్రింటర్‌లో స్టెప్పరే ఉంటుందని విన్న విద్యార్థి దాన్ని చేతిలోకి తీసుకుంటాడు. బరువుగా, గట్టిగా ఉంటుంది కాబట్టి ఎక్కువ బలం ఉంటుందనుకుంటాడు. అసలు చిక్కు ఆ బరువుతోనే.

రెండింటి పనితీరూ వేరు. సర్వో డబ్బాలో చిన్న డీసీ మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలం పెంచే పళ్ల చక్రాలు, ఇరుసు ఏ కోణంలో ఉందో చెప్పే పొటెన్షియోమీటరు ఉంటాయి. 90 డిగ్రీలకు వెళ్లమంటే అది తన కోణాన్ని చూసుకుంటూ వెళ్లి అక్కడ నిలబడుతుంది. ఎవరైనా వేలితో నెడితే ఎదురు తిరుగుతుంది. మామూలుగా దాని తిరుగుడు 180 డిగ్రీలకు మించదు. స్టెప్పర్‌కు ఆ హద్దు లేదు. ఎన్ని చుట్లైనా తిరుగుతుంది, ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున 200 అడుగుల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అయితే తానెక్కడున్నదీ దానికి తెలియదు. వంద అడుగులు వెయ్యమని చెప్పాం కాబట్టి వేసే ఉంటుందని మనం నమ్మాలి, అంతే.

ఇక భుజం లెక్క. నీళ్ల బిందెను ఒంటికి ఆనించి మోయడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు. రోబో చెయ్యి నేలకు సమాంతరంగా పూర్తిగా చాచినప్పుడే భుజం మోటారుకు అసలు పరీక్ష. మోటారు బలాన్ని కిలో-సెంటీమీటర్లలో చెబుతారు. ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో ఒక కిలోను ఆపగలిగితే అది ఒక కిలో-సెంటీమీటరు. దూరం పెరిగే కొద్దీ మోయగలిగే బరువు తగ్గిపోతుంది.

భుజం నుంచి మోచేతికి 12 సెంటీమీటర్లు, అక్కడి నుంచి కొసకు మరో 12 అనుకుందాం. కొసన ఉన్న గ్రిప్పర్, దాని చిన్న సర్వో కలిసి 40 గ్రాములు, అది పట్టుకునే వస్తువు 50 గ్రాములు. ఈ 90 గ్రాములు 24 సెంటీమీటర్ల దూరంలో వేలాడితే భుజం మీద 2.16 కిలో-సెంటీమీటర్ల భారం పడుతుంది. 30 గ్రాముల చొప్పున ఉన్న రెండు చేతి ముక్కలు మరో 0.72 కలుపుతాయి. మోచేతి దగ్గర ఎంజీ996ఆర్ రకం సర్వో పెడితే దాని బరువు 55 గ్రాములు, దాని వాటా 0.66. మొత్తం మూడున్నర పైచిలుకు.

ఇప్పుడు అదే మోచేతి దగ్గర స్టెప్పర్ పెట్టి చూడాలి. అందరూ కొనే నెమా 17 మోటారు సుమారు 280 గ్రాములు తూగుతుంది. 12 సెంటీమీటర్ల దూరంలో అదొక్కటే 3.36 కిలో-సెంటీమీటర్ల భారం. మొత్తం 6.24కు చేరుతుంది. ఆ భుజాన్ని మోయాల్సిన మరో నెమా 17 నిలబడ్డ చోట ఆపగలిగే బలం సుమారు 4. అంటే వస్తువును ఎత్తడం మాట అటుంచి, చెయ్యి తన మోటారునే తాను మోయలేదు.

అదే చోట ఎంజీ996ఆర్ సర్వోకు 6 వోల్టుల దగ్గర 11 కిలో-సెంటీమీటర్లు అని కాగితం మీద రాసి ఉంటుంది. అది ఇక కదలలేక ఆగిపోయే దగ్గరి లెక్క. రోజూ వాడుకునే బలం అందులో మూడో వంతు నుంచి సగం వరకే అనుకోవాలి. చవకగా దొరికే నకళ్లు కాగితం మీది అంకెను అందుకోవు కూడా. అయినా మన మూడున్నరకు సరిపోతుంది. నీలం రంగులో ఉండే 9 గ్రాముల ఎస్‌జీ90 మాత్రం ఈ భుజానికి పనికిరాదు. దాని మొత్తం బలం 1.8, పైగా లోపలివి ప్లాస్టిక్ పళ్లు. గ్రిప్పర్‌కు మాత్రం అది చక్కగా సరిపోతుంది.

అయితే మీఆర్మ్ అనే ప్రసిద్ధ బుల్లి రోబో చెయ్యి నాలుగూ 9 గ్రాముల సర్వోలతోనే ఎలా నడుస్తోంది? దాని మోచేతి దగ్గర మోటారు లేదు. భుజానిదీ మోచేతిదీ రెండు మోటార్లూ కిందే, పీఠం మీదే ఉంటాయి. కింద మోటారు తిరిగితే కమ్మీల ద్వారా మోచెయ్యి కదులుతుంది. మోటారు బరువు చేతి మీద పడకుండా చేసే ఉపాయమిది. చెయ్యి పొట్టిది, ఎత్తే వస్తువూ తేలికైనదే కాబట్టి చిన్న మోటార్లు నెట్టుకొస్తాయి.

స్టెప్పర్‌కు కచ్చితత్వం ఎక్కువన్న మాట ఇక్కడ కొంచెం తేడా కొడుతుంది. పళ్ల చక్రాలేమీ లేకుండా నేరుగా బిగిస్తే, 1.8 డిగ్రీల ఒక్క అడుగుకే 24 సెంటీమీటర్ల చేతి కొస ఏడున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. హాబీ సర్వో ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే కొస దగ్గర తేడా నాలుగు మిల్లీమీటర్లే. 5కు 1 నిష్పత్తిలో బెల్టు వేస్తే స్టెప్పర్ అడుగు ఒకటిన్నర మిల్లీమీటర్లకు దిగుతుంది, బలమూ దాదాపు ఐదింతలవుతుంది. అప్పుడే అది మంచి పనివాడు. మరి ఆ బెల్టు, పుల్లీలు, బేరింగులు, ఒక్కో మోటారుకు ఒక డ్రైవర్ బోర్డు, ప్రతి కీలుకూ మొదటి స్థానం చూపే లిమిట్ స్విచ్ అన్నీ మొదటి ప్రాజెక్టులోనే నెత్తికెత్తుకోవాలి.

దేనికి ఇబ్బంది వచ్చినా ముందు చెవికే తెలుస్తుంది. బరువు మించిన సర్వో ఆపకుండా గుయ్యిమంటూ వేడెక్కుతుంది. లోపల పళ్లు అరిగితే కటకటమని, రెక్క చేతికి వదులుగా తిరుగుతుంది. అడుగు తప్పిన స్టెప్పర్ టకటకమని కొట్టుకుంటుంది. ఆ తర్వాత చెయ్యి ప్రతిసారీ మొదలుపెట్టిన చోటికి కాక కాస్త పక్కకు వచ్చి ఆగుతుంది. ప్రోగ్రాం మాత్రం అంతా సవ్యంగా ఉందనే అనుకుంటుంది. కరెంటు తీసేస్తే, పళ్ల చక్రాలు లేని స్టెప్పర్ చెయ్యి దబ్బున కింద పడుతుంది కూడా.

సర్వోలతో ఎక్కువమందిని ఏడిపించేది కరెంటే. ఎంజీ996ఆర్ బరువు కింద ఆగిపోతే ఒక్కటే రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. యూఎస్‌బీ తీగతో నడుస్తున్న ఆర్డుయినో ఊనోలో ఫ్యూజు హద్దు అర ఆంపియరు. అందుకే బోర్డులోని 5 వోల్టుల పిన్‌కే సర్వోలు తగిలిస్తే చెయ్యి లేవబోయి వణుకుతుంది, బోర్డు రీస్టార్ట్ అవుతుంది, చెయ్యి మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. సర్వోలకు విడిగా 5 నుంచి 6 వోల్టుల సప్లై ఇవ్వాలి. పై చేతికైతే కనీసం ఐదారు ఆంపియర్లది ఉండాలి. దాని గ్రౌండ్ తీగను బోర్డు గ్రౌండ్‌తో తప్పక కలపాలి. కలపకపోతే సిగ్నల్ అర్థంకాక సర్వోలు పిచ్చిగా ఊగుతాయి.

కాబట్టి ఈ కొలతల చేతికి భుజం, మోచెయ్యి, పీఠం మూడింటికీ లోహపు పళ్ల సర్వోలు, గ్రిప్పర్‌కు చిన్నది ఒకటి తీసుకోవడమే మేలు. స్టెప్పర్ సరదా తీరాలంటే పీఠానికి ఒకటి పెట్టుకోవచ్చు. అక్కడి మోటారును ఏ కీలూ మోయక్కర్లేదు, చెయ్యి 180 డిగ్రీలు దాటీ తిరుగుతుంది. కీళ్లన్నీ స్టెప్పర్లతో నడిచే చెయ్యి చూడాలనుకునేవారు బార్సిలోనాకు చెందిన బీసీఎన్3డీ సంస్థ 2016లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన మోవియో నమూనాలు తెరిచి చూడవచ్చు. అందులో బెల్టులు, గేర్‌బాక్సులు ఎన్ని వాడారో గమనిస్తే ఖర్చు అంచనాకు వస్తుంది. ఆ మోవియోలోనూ గ్రిప్పర్‌ను నడిపేది సర్వోనే.