నైట్ షిఫ్టు వారంలో ఏ చిల్లరపని పట్టాలి?

మన ఇండ్లల్లో పిల్లలు ఇప్పుడు గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసి వచ్చి, మిగతా టైములో ఫోన్లో ఆర్డరు పట్టి బండి మీద సాపాటు మోసే పని కూడా చేస్తా ఉన్నారు. ఆ పని గురించి అందరూ చెప్పే మాట ఒకటే. నీకు వీలైనప్పుడు చెయ్యి, వద్దనుకుంటే ఫోను ఆపెయ్యి, అడిగేవాడు లేడు అని. ముప్పై ఏండ్లు స్పిన్నింగులో మూడు షిఫ్టులూ తిరిగినవాణ్ణి, నాకు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. పొన్నేరిలో మా వీధి అబ్బాయి ఒకడిని కూర్చోబెట్టుకొని లెక్క వేయించినాను.

వాడికి వారానికొక షిఫ్టు మారుతుంది. ఒక వారం పొద్దున 6 నుంచి 2, తర్వాతి వారం 2 నుంచి 10, ఆ తర్వాత రాత్రి 10 నుంచి 6. సెలవు కూడా ఒక రోజని లేదు. ఇంకో ఫ్యాక్టరీలో సగం పూట చేద్దామంటే అదీ కుదిరేది కాదు. మా కాలంలో నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ ప్రకారం, ఒక ఫ్యాక్టరీలో పనిచేసిన రోజే ఇంకో ఫ్యాక్టరీలో పని చేయించకూడదు. మా వాళ్ళు అందుకే కుట్టుపనో, పూలు కట్టడమో, కొట్లో లెక్క రాయడమో చూసుకునేవాళ్ళు.

నైట్ వారంలో వాడు పొద్దున ఏడున్నరకి ఇల్లు చేరి, పడుకొని, పదకొండున్నరకే లేచి బండి తీసేవాడు. ఎందుకంటే జనం సాపాటు అడిగేది మధ్యాహ్నం 12 నుంచి 3, మళ్ళీ రాత్రి 7 నుంచి 10. వేరే టైములో ఫోను తెరిచి పెట్టుకున్నా చెట్టు కింద కూర్చోవడమే. మన టైము మన చేతిలో ఉందంటారు గానీ, డబ్బు వచ్చే టైము తినేవాళ్ళ చేతిలో ఉంది. రాత్రి ఆర్డర్లు బాగా వచ్చేటప్పటికి వీడు షిఫ్టుకి బయల్దేరాల.

ఒక మధ్యాహ్నం లెక్క చూడండి. 12 నుంచి 4 దాకా 7 ఆర్డర్లు, వచ్చింది 245 రూపాయలు. తిరిగింది 54 కిలోమీటర్లు. తచ్చూరు కూట్రోడ్డు పక్క దించితే తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ బండే, దానికి ఎవరూ కూలి ఇవ్వరు. లీటరుకి 45 కిలోమీటర్లు ఇచ్చే బండి, పెట్రోలు వంద దాటింది. పెట్రోలుకే 120 పోయింది. మిగిలింది 125. నాలుగు గంటలకి పంచితే గంటకి 31 రూపాయలు. ఆయిలు, టైరు ఇంకా తియ్యనే లేదు.

"పెదనాన్నా, ఫోన్లో 245 అని చూపిస్తాది, అదే కనిపిస్తాది మనకి" అన్నాడు.

నిద్ర సంగతి దీనికన్నా పెద్దది. రాత్రంతా మేలుకున్న ఒళ్ళు పగలు ఎట్లాగూ సరిగా నిద్రపోదు. నాలుగు గంటలకే లేపితే మధ్యాహ్నం రెండు మూడుకి మళ్ళీ మత్తు కమ్ముతుంది. తిరగాల్సిన సందు దాటి పోయినాక గుర్తొచ్చిందంటే, దాటి వచ్చిన సిగ్నలు జ్ఞాపకం లేదంటే, కన్ను తెరిచే నిద్రపోయినట్టు. అప్పుడు టీ తాగి బండి ఎక్కడం కాదు, బండి ఆపి పడుకోవాల. ఫ్యాక్టరీకి పోయి వచ్చే దారిలో దెబ్బ తగిలితే ఇ.ఎస్.ఐ. దాన్ని పని ప్రమాదంగా తీసుకునే వీలుంది. ఆర్డరు మోస్తా పడితే అది ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు.

అందుకని నేను వాణ్ణి ఒకటే అడిగినాను: పని ఇవ్వాల్సింది గంటకా, తేదీకా? నైట్ వారంలో తేదీకి ఇచ్చే పనే పట్టాల. మా వీధిలో టైలరక్క ఒకామె ఉంది. జాకెట్లకి చేతి కుట్టు వేసి హుక్కులు కుట్టిస్తే జాకెట్టుకి 20 ఇస్తుంది, దారం ఆమెదే. వీడి చేతికి అరగంటకొకటి అవుతుంది, గంటకి 40. పెట్రోలు లేదు. రెండు దాకా నిద్రపోయి లేచి కుట్టొచ్చు, కన్ను మూసుకుపోతే సూది గుచ్చి పక్కన పెట్టి పడుకోవచ్చు. ఎల్లుండికి ఇస్తే చాలు. మొగోడు జాకెట్లు కుట్టేదేంది అని వాళ్ళమ్మ నవ్వింది. మిల్లులో తెగిన దారం అతికించింది మొగోళ్ళు కాదా ఏంది?

దీనికీ ఇబ్బంది ఉంది. ముహూర్తాల రోజుల్లో అక్క "ఈ పొద్దే కావాల" అంటుంది, అప్పుడది గంట పనే అయిపోతుంది. ఆడి మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు, జాకెట్లూ తక్కువే. కాబట్టి సంచిలో ఎన్ని తీసుకోవాలో ముందే చెప్పి తెచ్చుకుంటున్నాడు. నైట్ వారంలో రోజుకి నాలుగే.

బండి పని వాడు మానలేదు. పొద్దున షిఫ్టు వారంలో మాత్రం సాయంత్రం 7 నుంచి 9 దాకా తీస్తాడు, అదీ పొన్నేరి ఊరి లోపలి ఆర్డర్లే దొరికితే పడతాడు. తెల్లారి నాలుగున్నరకి లేవాల కాబట్టి తొమ్మిదికి ఫోను ఆపేస్తాడు. వారానికి ఇన్ని ఆర్డర్లు దాటితే అదనంగా ఇస్తామనే డబ్బు వాడికి రాదు. షిఫ్టు మారేవాడు ఆ డబ్బు లెక్కలో వేసుకొని బండికి అప్పు తీస్తే, నైట్ వారంలో కంతు కట్టేదానికి నిద్ర అమ్ముకోవాల్సి వస్తుంది. వీడి బండికి ఇంకా పదకొండు కంతులున్నాయి. వాటిని జీతంలో నుంచే కడతా ఉన్నాడు.